బల్ల అవతల మనిషి ముందుకు వంగితే

(బెంగళూరులో తెలుగువాళ్ళ ఆదివారం సమావేశంలో ఒక కౌన్సెలర్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు కూర్చుంటే నేనేమీ ప్రశ్నలు అడగను, భయపడకండి.

మీరు చీటీల మీద రాసి పంపినవన్నీ చదివాను. మాటలు వేరు కానీ చాలా చీటీల్లో ప్రశ్న ఒకటే. "మేడమ్, కాఫీకి కలిశాం, నేను మాట్లాడుతున్నంతసేపూ కళ్ళలోకే చూసింది, ఇష్టం ఉన్నట్టేనా?" "ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు, నచ్చలేదనుకోవాలా?" "ముందుకు వంగి విన్నాడు, ఇంటికెళ్ళాక మెసేజ్ లేదు, ఎందుకు?" అంటే అందరూ అడుగుతున్నది ఒకటే. బల్ల అవతల కూర్చున్న మనిషి ఒంటిని చూసి మనసులో మాట చదవొచ్చా?

బెంగళూరులో మన పిల్లల ఫస్ట్ డేట్లు రెండు రకాలు. యాప్‌లో పరిచయమై కలిసేది ఒకటి. మ్యాట్రిమోనీ సైట్‌లో అమ్మానాన్నలు ప్రొఫైల్ చూసి, "ఇద్దరూ అక్కడే ఉన్నారుగా, ఒకసారి బయట కలిసి మాట్లాడుకోండి" అని నంబర్లిచ్చాక కలిసేది రెండోది. రెండోదాన్ని ఇంట్లో డేట్ అనరు, అంటే నాన్నగారికి బీపీ. కానీ కెఫే అదే, కాఫీ అదే, టెన్షన్ కాస్త ఎక్కువ. నేను చెప్పేది రెంటికీ వర్తిస్తుంది.

ముందు ఒక అడ్డు తొలగిద్దాం. ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్ళు ఎంతమంది ఉన్నారిక్కడ? అబ్బో, దాదాపు అందరూనా. అయితే మీ ట్రైనింగుల్లో ఒక స్లైడ్ చూసే ఉంటారు. మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతమే, మిగతా 93 శాతం గొంతూ, ఒళ్ళూ అని. చూశారు కదా? ఆ లెక్క ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో చేసిన ప్రయోగాల్లోంచి వచ్చింది. అక్కడ ఆయన చూసింది చాలా చిన్న విషయం. ఒక మాట ఒక భావం చెబుతుంటే, గొంతూ ముఖమూ ఇంకో భావం చెబుతుంటే, వినేవాడు దేన్ని నమ్ముతాడు అని. అంతే. గంటసేపు కబుర్లు చెప్పుకునే ఇద్దరి గురించి కాదది. డేట్‌లో మాటలకి 7 శాతమే విలువంటే, మన తెలుగు రాని మనిషితో కూడా గంటలో అంతా తేల్చుకోవచ్చన్నమాట. అలా జరుగుతుందా?

ఇక రెండో విషయం. ఇది చెబితే మీలో కొందరు లేచి వెళ్ళిపోతారేమో. 2022లో నెదర్లాండ్స్‌కి చెందిన పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకరికొకరు తెలియని ఆడా మగా ఒక చిన్న క్యాబిన్‌లో ఎదురెదురుగా కూర్చుంటారు. ఎటు చూస్తున్నారో పట్టుకునే కళ్ళద్దాలు పెట్టారు. గుండె వేగం కొలిచారు. చర్మం మీద చెమట వల్ల విద్యుత్తు ప్రవాహంలో వచ్చే మార్పు కొలిచారు. నవ్వులు, తలాడింపులు, చేతి సైగలు అన్నీ లెక్కపెట్టారు. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా, ఎదుటి మనిషి ఎంత నచ్చారని అడిగారు. ఏం తేలింది? బయటికి కనిపించే నవ్వులూ, చూపులూ, ఒకరి సైగని ఇంకొకరు తిరిగి చేయడం, ఇవేవీ ఆకర్షణని నమ్మకంగా చెప్పలేకపోయాయి. లోపల జరిగేవి, అంటే ఇద్దరి గుండె వేగమూ చర్మంలో మార్పులూ ఒకే తీరులో పెరిగి తగ్గడం, దానికీ ఆకర్షణకీ సంబంధం కనిపించింది.

కాఫీకి వెళ్ళినప్పుడు ఎదుటి మనిషి వేలికి మిషన్ తగిలించలేం కదా. మరి నేనెందుకు వచ్చానిక్కడికి?

ఎందుకంటే, మీరడిగే ప్రశ్నకి ఒళ్ళు జవాబు చెప్పదు కానీ ఇంకో ప్రశ్నకి చెబుతుంది. "నేను నచ్చానా, మళ్ళీ కలుస్తుందా" అన్నది నిర్ణయం. ఆ నిర్ణయం చాలాసార్లు అక్కడ జరగనే జరగదు, ఇంటికెళ్ళాక, రూమ్‌మేట్‌తో మాట్లాడాక, రెండు రోజులు ఆలోచించాక జరుగుతుంది. "ఇప్పుడు, ఈ నిమిషం, ఈ మాట దగ్గర ఈ మనిషి హాయిగా ఉన్నారా, ఇబ్బంది పడుతున్నారా" అన్నది వేరే ప్రశ్న. దీన్ని మాత్రం కొంత చదవొచ్చు. కొంత అంటున్నాను, గుర్తుపెట్టుకోండి. నేను ఇవాళ చెప్పేదంతా ఈ రెండో ప్రశ్న గురించే.

మొదటి పావుగంటలో ఏమీ చదవకండి. ఒట్టు, ఏమీ చదవకండి. కార్ల్ గ్రామర్ అనే పరిశోధకుడి బృందం, ఒకరికొకరు తెలియని ఆడా మగా జంటల్ని పది నిమిషాలపాటు వీడియో తీసి 2000లో ఒక అధ్యయనం ప్రచురించింది. మొదటి నిమిషంలో అమ్మాయిలు చేసిన సైగలకీ, తర్వాత వాళ్ళు చెప్పిన ఆసక్తికీ పొంతన లేదు. నాలుగో నిమిషం దాటాకే ఏదో సంబంధం కనిపించడం మొదలైంది. మొదట్లో వచ్చే నవ్వులూ తలాడింపులూ ఎదుటి మనిషిని మాట్లాడించడానికి వచ్చేవి. మర్యాద.

వాళ్ళకి నాలుగు నిమిషాలైతే నేను పావుగంట ఎందుకంటున్నాను? ఇది బెంగళూరు కాబట్టి. అమ్మాయి వైట్‌ఫీల్డ్ నుంచి క్యాబ్‌లో మారతహళ్ళి మీదుగా ఇందిరానగర్ వచ్చింది. అబ్బాయి ఎలక్ట్రానిక్ సిటీ నుంచి బైక్ మీద సిల్క్ బోర్డు దాటి వచ్చాడు. హెల్మెట్ తీశాక జుట్టు ఎలా ఉందో అని వాడి బాధ. ఈ మనుషులిద్దరూ కూర్చోగానే కనిపించే ఒళ్ళు ఎవరిది? ట్రాఫిక్‌ది. దవడ బిగుసుకుని ఉంటుంది, భుజాలు పైకి లేచి ఉంటాయి, ఫోన్ చూస్తుంటారు, ఎందుకంటే క్యాబ్ డబ్బులు రెండుసార్లు కట్ అయ్యాయేమోనని అనుమానం. దీన్ని చూసి "ఇంట్రెస్ట్ లేదు" అనుకుంటే ఎలా?

కాబట్టి ఆ పావుగంట ఒక్కటే పని. ఈ మనిషి మామూలుగా ఎలా ఉంటారో చూడండి. మామూలుగా ఎంత కదులుతారు? చేతులు తిప్పుతూ మాట్లాడేవాళ్ళా, ఒళ్ళో పెట్టుకునేవాళ్ళా? ఆర్డర్ తీసుకునే కుర్రాడితో మాట్లాడేటప్పుడు కళ్ళలోకి చూస్తున్నారా? వెయిటర్‌ని కూడా చూడకుండా మెనూ చూస్తూ ఆర్డర్ చెప్పే అమ్మాయి మిమ్మల్ని చూడట్లేదని బాధపడకండి. అది ఆమె తీరు. ఆ తీరు తెలిస్తేనే తర్వాత వచ్చే మార్పు తెలుస్తుంది. మనం చదవాల్సింది భంగిమని కాదు, మార్పుని.

సరే, కళ్ళ సంగతి. దీనిమీద చీటీలు ఎక్కువొచ్చాయి కానీ నేను త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అనుకున్నంత సరుకు లేదు. మామూలు మాటల్లో వినేవాళ్ళు ఎక్కువ చూస్తారు, మాట్లాడేవాళ్ళు తక్కువ చూస్తారు. ఇంగ్లండ్‌లో మైకేల్ ఆర్గైల్ లాంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాల క్రితమే దీన్ని కొలిచారు. మాట్లాడేవాడు ఆలోచించుకోవాలి కదా, అందుకని చూపు పక్కకి పోతుంది. అబద్ధం చెబుతున్నాడని కాదు. కాబట్టి "నేను మాట్లాడుతున్నంతసేపూ చూసింది" అన్న తమ్ముడికి జవాబు ఏమిటంటే, వినేవాళ్ళు చేసేదే ఆమె చేసింది, బుద్ధిగా వింది. నువ్వు ఎంతసేపు మాట్లాడావో అది చూసుకో ముందు.

ఎంతసేపు చూస్తే హాయిగా ఉంటుంది? లండన్ సైన్స్ మ్యూజియంలో సందర్శకుల మీద చేసి 2016లో ప్రచురించిన ప్రయోగంలో, ఒకసారికి సగటున 3 సెకన్లకి కొంచెం పైన అని తేలింది. స్టాప్‌వాచ్ పెట్టుకుని వెళ్ళకండి బాబూ. అంతకు మించితే గుచ్చి చూసినట్టుంటుంది, అంతే తెలుసుకోండి. ఇంకొకటి, అది లండన్. మనలో చాలామందికి చిన్నప్పుడు "పెద్దవాళ్ళ మొహంలోకి అలా చూసి మాట్లాడతావేంటి" అని మొట్టికాయ పడింది. పడిందా లేదా? ఆ మొట్టికాయ తిన్న మనిషి ఎదుటివాళ్ళని గౌరవిస్తున్నప్పుడే చూపు దించుతారు.

మరి కళ్ళలో చూడాల్సింది ఏమిటి? వాక్యం చివర. మాట్లాడే మనిషి చూపు పక్కకి వెళ్తుంది, వాక్యం పూర్తవుతుండగా తిరిగి మీ వైపు వస్తుంది. "ఇక నువ్వు చెప్పు" అని మాట మీకు అందించడమది. ఆడమ్ కెండన్ అనే పరిశోధకుడు 1960ల్లోనే దీన్ని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూసి రాశాడు. డేట్ మొదట్లో ఇలా చూపు తిరిగి వస్తూ ఉండి, ఏదో ఒకచోట నుంచి రావడం మానేస్తే, వాక్యం అయిపోయాక కూడా కప్పులోకో కిటికీలోకో చూస్తూ ఉండిపోతే, అక్కడ ఆగి చూడండి. ఏ మాట దగ్గర మొదలైంది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ముందుకు వంగడం. దీన్ని ఒక జంట కథతో చెబుతాను. వాళ్ళిద్దరూ పెళ్ళికి ముందు కౌన్సెలింగ్‌కి వచ్చినవాళ్ళు, అడిగి ఒప్పుకున్నాకే చెబుతున్నాను. పేర్లు వద్దు. అమ్మాయిది నంద్యాల వైపు, అబ్బాయిది భీమవరం దగ్గర. అవును, పెళ్ళి చేసుకోబోతున్నారు, సస్పెన్స్ ఏం లేదు. నాకు నచ్చిందేమిటంటే, మొదటిసారి కలిసిన ఆ గంటన్నర ఇద్దరికీ బాగా గుర్తుంది, ఇద్దరూ విడివిడిగా చెప్పారు, రెండు కథలూ చాలాచోట్ల కలవలేదు.

ఇందిరానగర్‌లో ఒక కెఫే. శనివారం సాయంత్రం. లోపల చోటు లేక కాఫీ మిషన్ పక్కన చిన్న గుండ్రటి బల్ల దొరికింది. ఇరవై నిమిషాలు గడిచాయి. అబ్బాయి మాట్లాడుతున్నాడు. అమ్మాయి మోచేతులు బల్లమీద పెట్టి బాగా ముందుకు వంగింది. అబ్బాయి లోపల దీపావళి. వాడు నాతో అన్నమాట ఇదే, "మేడమ్, అప్పుడే ఫిక్సయిపోయాను." అమ్మాయిని అడిగితే ఏమంది? "పాలు వేడి చేసే ఆ ఆవిరి గొట్టం మోత మేడమ్. ఒక్క ముక్క వినపడలేదు. ఆయనేమో మెల్లిగా మాట్లాడతాడు."

ఇక్కడ ఆగుదాం. ముందుకు వంగడానికి కారణాలు ఎన్ని ఉండొచ్చు? మోత ఒకటి. సోఫా మరీ వెనక్కి వాలి ఉంటే నడుం నొప్పి పుట్టి ముందుకు జరుగుతారు. బల్ల దూరంగా ఉంటే కప్పు కోసం వంగుతారు. ఎత్తు స్టూలు మీద కాళ్ళు ఆనకపోతే మోచేతులు ఆనించుకోవాలి కాబట్టి వంగుతారు. ఇవన్నీ కుర్చీ చెప్పే మాటలు, మనిషి చెప్పేవి కావు. మరి ఎలా తెలుస్తుంది? దీనికి ఒకటే పద్ధతి. కారణం పోయాక ఏమవుతుందో చూడాలి. మిషన్ ఆగింది. ఆగాక కూడా అలాగే ముందుకే ఉన్నారా, వెనక్కి వాలిపోయారా? మిషన్ ఆగాక అరనిమిషంలో ఆ అమ్మాయి వెనక్కి వాలింది. అబ్బాయి అది చూడలేదు. ఎందుకు చూడలేదు? ఫిక్సయిపోయాడు కదా, ఇక చూడ్డం మానేశాడు.

తర్వాత ఏమైందో వినండి. ఏసీ గాలి సరిగ్గా ఆమె మీద పడుతోంది. ఆమె చేతులు కట్టుకుంది. ఇప్పుడు వాడికి గుండె జారింది. "ఏదో తప్పు మాట్లాడాను, క్లోజ్ అయిపోయింది" అనుకున్నాడు. చేతులు కట్టుకుంటే మనసు మూసుకున్నట్టని ఎవరో వీడియోలో చెప్పారట. ఆమెకేమో చలి. అంతే. చేతులు కట్టుకున్నా ఆమె వాక్యాలు పొడుగ్గానే ఉన్నాయి, వాక్యం చివర చూపు ఇటు వస్తూనే ఉంది, నవ్వాల్సినచోట నవ్వుతూనే ఉంది. ఒక్క చేతులు తప్ప ఏదీ మారలేదు. ఒకే ఒక్క గుర్తు మారి మిగతావన్నీ అలాగే ఉంటే, బయటి కారణం వెతకండి. చాలాసార్లు ఏసీయే.

అంటే ఇప్పటికి వాడు రెండుసార్లు చదివాడు. రెండుసార్లూ తప్పే. ఒకసారి మోతని ఇష్టం అనుకున్నాడు, ఒకసారి చలిని అయిష్టం అనుకున్నాడు.

నిజంగా ఏదైనా జరిగింది ఎక్కడ? రెండు చోట్ల జరిగింది. మొదటిది, అబ్బాయి తన నాన్నగారి రొయ్యల చెరువు గురించి చెప్పినప్పుడు. రాత్రిపూట చెరువులో ఆక్సిజన్ తగ్గితే ఏరేటర్లు తిప్పాలట, కరెంటు పోతే ఇంటిల్లిపాదీ నిద్ర లేచి జనరేటర్ దగ్గరికి పరిగెత్తాలట. అది వింటూ ఆమె చేతులు విప్పి, కుర్చీ ముందుకు జరిపి వంగింది. మిషన్ ఆగి ఉంది. ఏసీ అలాగే ఉంది. చలి ఉన్నా చేతులు విప్పింది, మోత లేకపోయినా వంగింది. ఆ పైన "అప్పుడేమైంది?" అని అడిగింది. బయటి కారణం ఏమీ లేకుండా, ఉన్న కారణానికి ఎదురుగా కూడా, రెండు మూడు మార్పులు ఒకేసారి వచ్చి, వాటికి తోడు ఒక ప్రశ్న వచ్చింది. ఇది నమ్మొచ్చు. దేన్ని నమ్మొచ్చు? ఆ కథ ఆమెకి ఆసక్తిగా ఉందని. వాడంటే ఇష్టమని కాదు. ఆమెనే అడిగితే, "ఆయన గురించి అప్పటికి ఏమీ అనుకోలేదు మేడమ్, రొయ్యల గురించి మాత్రం భలే అనిపించింది" అంది.

రెండోది దీనికి ఎదురు. అబ్బాయి మామూలుగానే అడిగాడు, "పెళ్ళయ్యాక హైదరాబాద్‌కి మారడానికి మీకు ఓకేనా?" ఆమె సమాధానం, "చూడాలండీ." ముందు ఒక చిన్న విరామం. కుర్చీ వెనక్కి జరగలేదు, వెన్ను మాత్రం కుర్చీకి ఆనింది. పక్కన వేలాడుతున్న బ్యాగు ఒళ్ళోకి వచ్చింది. ఖాళీ కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. అప్పటిదాకా పొడుగ్గా వచ్చిన వాక్యాలు పొట్టివైపోయాయి. వాక్యం చివర చూపు ఇటు రాలేదు. గమనించారా, ఇన్ని ఒకేసారి వచ్చాయి, అన్నీ ఒకే మాట తర్వాత వచ్చాయి. చలి అంతకు ముందూ ఉంది, మోత లేదు. ఇక మిగిలింది ఆ ప్రశ్నే.

వాడు ఇది గమనించాడు, పాపం, అప్పటికి. గమనించి ఏం చేశాడన్నదే నాకు ముఖ్యం. "ఏమైంది, కోపం వచ్చిందా, ఎందుకలా అయిపోయారు" అని ఆమె ఒంటిమీద వ్యాఖ్యానం చేయలేదు. తనూ కాస్త వెనక్కి జరిగి కూర్చుని, "ఇప్పుడే తేల్చాల్సిన విషయం కాదులెండి, ఇంకేమైనా తెప్పించమంటారా" అన్నాడు. ఒక ఐదు నిమిషాలు ఆమె ఆఫీసు సంగతులు నడిచాయి. తర్వాత ఆమే, తనంతట తనే, "ఇందాక హైదరాబాద్ అన్నారు కదా, మా అమ్మ ఒక్కతే ఉంటుందండీ, నంద్యాల నుంచి బెంగళూరైతే రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి వచ్చేస్తుంది" అని చెప్పింది. హైదరాబాద్ కూడా అంతే దూరం కదా అని మీరు అనొచ్చు. అన్నాడు వాడు కూడా, కానీ ఆరునెలల తర్వాత. ఆ రోజు అనలేదు, తెలివైనవాడు.

ఇక్కడ ఒక మాట, ముఖ్యంగా మగపిల్లలకి. స్నేహంగా నవ్విన నవ్వుని ఆకర్షణ అనుకునే పొరపాటు ఆడవాళ్ళకంటే మగవాళ్ళలో ఎక్కువని 1980ల నుంచీ అధ్యయనాల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తోంది. పక్కనుంచి చూసేవాళ్ళకి కూడా ఆడవాళ్ళ ఆసక్తి చదవడం కష్టమే. స్పీడ్ డేటింగ్ అంటే కొత్తవాళ్ళతో వరసగా ఒక్కొక్కరితో కొద్ది నిమిషాలు మాట్లాడటం; జర్మనీలో తీసిన అలాంటి వీడియో ముక్కల్ని అమెరికాలో జర్మన్ రానివాళ్ళకి చూపించిన ప్రయోగం ఒకటుంది, 2009లో వచ్చింది. మాటలు అర్థం కాకపోయినా అబ్బాయిల ఆసక్తి కొంత బాగానే పట్టేశారు. అమ్మాయిల దగ్గర తడబడ్డారు. కాబట్టి మీకు "దొరికిపోయింది" అనిపించే హాయి గుర్తుల్ని సగానికి తగ్గించి నమ్మండి. ఇబ్బంది గుర్తుల్ని మాత్రం వెంటనే నమ్మండి. ఇదేం న్యాయం అంటారా? లెక్క చూడండి. ఇబ్బంది లేకపోయినా ఉందనుకుని మీరు వెనక్కి జరిగితే పోయేదేమీ లేదు. ఉన్నా లేదనుకుని ముందుకు జరిగితే ఎదుటి మనిషికి ఆ సాయంత్రం నరకం.

ఇక మిర్రరింగ్. ఎదుటి మనిషి చేసేదే మనకి తెలియకుండా మనం చేయడం. ఆవలింత చూస్తే ఆవలింత వచ్చినట్టు. 1999లో చార్‌ట్రాండ్, బార్గ్ అనే ఇద్దరు అమెరికాలో చేసిన ప్రయోగం బాగా పేరు పొందింది. ఒక మనిషిని పక్కన కూర్చోబెట్టి కావాలని కాలు ఊపించారు, లేదా మొహం రుద్దుకోమన్నారు. పక్కవాళ్ళు కూడా కాలు ఊపడం, మొహం రుద్దుకోవడం పెరిగింది. తర్వాత అడిగితే ఎవరికీ తెలియదు, తాము చేశామనీ తెలియదు, అవతలి మనిషి చేశాడనీ తెలియదు. అందులోనే రెండో భాగం ఉంది, అదే మన ట్రైనర్లు పట్టుకున్నది. ఎదుటివాళ్ళ భంగిమల్ని మెల్లిగా అనుకరించినప్పుడు వాళ్ళకి ఆ మనిషి కొంచెం ఎక్కువ నచ్చాడు, మాటలు సాఫీగా సాగాయనిపించింది.

దాంతో ఏమైంది? వీడియోలన్నిట్లో ఒకటే సలహా. ఆమె కప్పు ఎత్తితే నువ్వూ ఎత్తు. ఆయన గడ్డం కింద చెయ్యి పెడితే నువ్వూ పెట్టు. దయచేసి చేయకండి. కావాలని చేసేటప్పుడు మనసంతా చేతుల మీద ఉంటుంది, ఆమె చెప్పే మాట మీద ఉండదు. అది మొహంలో తెలిసిపోతుంది. ఇంకొకటి, సందర్భానికి సరిపడని అనుకరణ ఎదురైనప్పుడు మనుషులకి గది నిజంగానే చల్లబడినట్టు అనిపించిందని 2012లో ఒక పరిశోధన వచ్చింది. అది రాసినవాళ్ళలో ఆ చార్‌ట్రాండ్, బార్గ్ కూడా ఉన్నారు. పొగిడినవాళ్ళే హద్దు కూడా చూపించారు.

చేయడానికి కాదు, చూడటానికైతే మిర్రరింగ్ పనికొస్తుందా? కొద్దిగా. సహజంగా వచ్చేది వెంటనే రాదు, కొన్ని సెకన్లు ఆగి వస్తుంది, అచ్చం అలాగే రాదు. మీరు కుడివైపు వాలితే ఆయన కాసేపటికి కాస్త ఇటు వాలతారు. కెఫేలో మోసపోయేది ఎక్కడంటే, కాఫీలు రెండూ ఒకేసారి వచ్చాయి, రెండూ ఒకేసారి చల్లారాయి, ఇద్దరూ ఒకేసారి తాగారు. అది మిర్రరింగ్ కాదు, కాఫీ. ఇద్దరికీ ఒకే రకం కుర్చీ ఉంటే ఇద్దరూ ఒకేలా కూర్చుంటారు. అది ఫర్నిచర్.

నన్ను అడిగితే మన తెలుగువాళ్ళ మధ్య కూర్చున్న తీరు కంటే మాట తీరులో చూడండి. ఎదుటివాళ్ళ వేగం, వాక్యాల పొడుగు, మాటతీరు మనకి తెలియకుండా అంటుకుంటాయి. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో స్పీడ్ డేట్‌లో మాటల తీరు ఎక్కువ కలిసిన జంటల్లో ఇద్దరూ మళ్ళీ కలుద్దామనుకోవడం ఎక్కువగా కనిపించింది. ఇందాకటి మన జంటలో అబ్బాయి ఇంగ్లీషులో మొదలుపెట్టాడు, ఆఫీసు ఇంగ్లీషు. అమ్మాయి కూడా ఇంగ్లీషే. చెరువు కథకి వచ్చేసరికి వాడు పూర్తిగా తెలుగులోకి, అదీ గోదారి తెలుగులోకి దిగిపోయాడు. ఐదు నిమిషాల్లో ఆమె కూడా ఇంగ్లీషు వదిలేసి సీమ యాసలోకి వచ్చేసింది. ఆఫీసులో ఎవరి ముందూ మాట్లాడని యాస అది. ఇద్దరికీ ఇది గుర్తుంది, విడివిడిగా అడిగినా ఇద్దరూ చెప్పారు. ఇద్దరి కథలూ కలిసిన కొద్ది చోట్లలో ఇదొకటి. హైదరాబాద్ ప్రశ్న దగ్గర ఆమె మళ్ళీ ఇంగ్లీషులోకి వెళ్ళిపోయిందట, ఆ "చూడాలండీ" తర్వాత. అది వాడు అప్పుడు గమనించలేదు, నా దగ్గర కూర్చుని గుర్తు చేసుకుంటుంటే తట్టింది.

సరే, ప్రశ్నలకి వద్దాం. అమ్మా, మీరు చెయ్యెత్తారు. కాళ్ళు ఎటు తిరిగి ఉంటే అటు మనసు ఉంటుందంటారు, నిజమేనా అంటున్నారు. బల్ల కింద చోటు ఎంతుంటుందమ్మా మన కెఫేల్లో? మోకాళ్ళు తగలకుండా ఉండాలని ఎవరైనా కాళ్ళు పక్కకే పెడతారు. అది సభ్యత. దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఫోన్ గురించి ఎవరో అడిగారు. అబ్బాయి ఫోన్ బోర్లా పెట్టాడు, ఏదో దాస్తున్నాడా అని. దాస్తుండొచ్చు, లేదా మీకు గౌరవం ఇచ్చి నోటిఫికేషన్లు కనపడకుండా పెట్టి ఉండొచ్చు. ఫోన్ బోర్లా ఉందా వెల్లకిలా ఉందా అని కాదు, మీరు ముఖ్యమైనది చెబుతున్నప్పుడు అది మోగితే ఏం చేశాడో చూడండి.

ఆఖరు ప్రశ్న, పెద్దాయన అడుగుతున్నారు. పెళ్ళిచూపుల్లో ఇవన్నీ పనికొస్తాయా అని. తక్కువండీ. పెళ్ళిచూపుల్లో అమ్మాయి ఒళ్ళు అబ్బాయికి జవాబు చెప్పదు, గదిలో ఉన్న పది మందికి జవాబు చెబుతుంది. అటు మేనత్త, ఇటు కాబోయే అత్తగారు. చూపు దించుకుందంటే సిగ్గో, భయమో, మేనత్త చెప్పిందో తెలియదు. ఆ ఇద్దర్నీ ఒక అరగంట డాబా మీదకో, వీధి చివర పార్కుకో పంపండి. అప్పుడు కూడా నేను చెప్పిన పావుగంట నియమం ఉంది కదా, కాబట్టి అరగంటలో మిగిలేది పావుగంటే. ముప్పావుగంట ఇవ్వండి. కిందకి రాగానే "ఏం, నచ్చాడా" అని అందరి ముందూ అడగకండి. రాత్రి వాళ్ళమ్మగారు వంటింట్లో విడిగా అడగనివ్వండి, రెండు రోజులు టైమ్ కావాలంటే ఇవ్వండి. ఆ అబ్బాయి కూడా ఆమె ఎలా కూర్చుందో తలచుకుంటూ కూర్చోకుండా, "మీకు ఇంకోసారి మాట్లాడాలని ఉందా, లేకపోయినా ఫరవాలేదు, నేనే మా ఇంట్లో చెబుతాను" అని ఒక మెసేజ్ పెట్టుకుంటే సరిపోతుంది.